పూర్తిగా పోలేదు

పదిహేను సెకన్లంటే తెలుగులో ఇరవై రెండు మాటలు. ఇరవై అయిదు దాటితే వాయిస్ చెప్పే అమ్మాయి ఊపిరి పీల్చుకోదు, వినేవాళ్లకి మాట అందదు. యాడ్‌లు రాయడం మొదలుపెట్టిన ఆరేళ్లలో ఈ ఒక్క లెక్క మాత్రం నాకు నిక్కచ్చిగా తెలిసింది. ఇరవై రెండు మాటల్లో అబద్ధం చెప్పడం చాలా తేలిక. "వారంలో మచ్చలు మాయం" అంటే మూడు మాటల్లో పనైపోతుంది. మిగతా పంతొమ్మిదీ మ్యూజిక్‌కి వదిలెయ్యొచ్చు.

ఆ మూడు మాటలూ నేను రాసినవే. రెండేళ్ల క్రితం, ఇంకో కంపెనీ సీరమ్‌కి. క్లయింట్ అడిగాడు, రాశాను, డబ్బులొచ్చాయి, మర్చిపోయాను. మా పిన్ని మాత్రం మర్చిపోలేదు. గుడివాడలో ఉంటుంది. రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు. రెండో కాన్పు తర్వాత వచ్చి అక్కడే ఉండిపోయాయి. "మనమ్మాయి రాసిన యాడ్" అని ఆ సీరమ్ కొనుక్కుంది. ఒక సీసా కాదు, వరసగా నాలుగు. ఆ సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత, ఏదో పెళ్లిలో వడ్డన దగ్గర తెలిసింది.

"నాకే పడలేదే. రాత్రి మొహం సరిగ్గా కడుక్కోకుండా రాసుంటాను. నా బద్ధకం నీకు తెలుసుగా" అంది.

అది విన్నాక నాకు అన్నం దిగలేదు. పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు, కంపెనీనీ అనలేదు. తప్పు తనదే అనుకుంది. పెద్ద మాట చెప్పే యాడ్‌తో డబ్బు పోవడం ఒక నష్టం. పని చెయ్యనప్పుడు నేరం వాడినవాళ్ల మీదకి జారిపోవడం ఇంకో నష్టం. రెండోది బిల్లులో కనపడదు.

అందుకే మొన్న డిసెంబర్లో ఇంకో సీరమ్ పని వచ్చినప్పుడు ముందు వద్దనుకున్నాను. తర్వాత, ఒప్పుకుని సరిగ్గా రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం అనిపించింది. ఇది నయాసినమైడ్ పది శాతం ఉన్న సీరమ్. వర్టికల్ వీడియో, పదిహేను సెకన్లు. క్లయింట్ పంపిన కాగితంలో పైనే ఉంది: "7 రోజుల్లో కనిపించే రిజల్ట్."

వారం అనే మాట ఎందుకు నిలబడదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన చర్మం అడుగు పొరల్లో ఉండే కొన్ని కణాలు మెలనిన్ అనే రంగుని తయారుచేసి, చిన్న చిన్న పొట్లాలుగా పక్క కణాలకి అందిస్తుంటాయి. ఆ కణాలు మెల్లగా పైకొచ్చి, ఎండి, రాలిపోతాయి. నయాసినమైడ్ చేసే పని ఆ పొట్లాల పంపిణీని కొంత నెమ్మదించడం. అప్పటికే పైకి వచ్చేసిన రంగు మీద దానికి అధికారం లేదు, అది రాలేదాకా ఆగాల్సిందే. అడుగు నుంచి పైదాకా ఆ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది, వయసు పెరిగితే ఇంకా ఎక్కువ. అంటే ఏడో రోజు కంటికి కనపడే తేడా ఏదైనా, అది మచ్చ తగ్గడం కాదు. సీరమ్‌లో ఉన్న గ్లిజరిన్ లాంటివి నీటిని పట్టుకుని చర్మాన్ని నున్నగా, తడిగా చేస్తాయి. నున్నటి చోట వెలుగు బాగా తిరిగొస్తుంది. దాన్నే మనం గ్లో అంటున్నాం. అది నిజమే, ఆ క్షణంలోనే కనపడుతుంది కూడా. కానీ దాన్ని చూపిస్తూ పక్కన "మచ్చలు" అని రాస్తే, రెండు నిజాలని అతికించి ఒక అబద్ధం చేసినట్టు.

కాబట్టి ముందే ఒక విభజన పెట్టుకున్నాను. పదిహేను సెకన్లలో జరిగేదాన్ని కదిలే వీడియోలో చూపించాలి: చుక్క పడటం, పరుచుకోవడం, ఇంకడం, మెరుపు. ఎనిమిది వారాల్లో జరిగేదాన్ని తేదీలేసిన రెండు ఫోటోల్లో చూపించాలి. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి మ్యాజిక్ లాగా డిజాల్వ్ అవకూడదు. వేలితో మచ్చని తుడవగానే మాయమయ్యే ఆ ట్రాన్సిషన్ ఉంది చూశారూ, అందులో నోటితో ఒక్క మాట చెప్పకపోయినా మొత్తం అబద్ధం చెప్పేసినట్టే.

క్లయింట్‌ని ఎనిమిది వారాలు ఆపడం కష్టమే అయింది. కానీ లాంచ్ మార్చిలో ఉండటం కలిసొచ్చింది. మా ఆఫీసులోనూ, పై అంతస్తు వాళ్లలోనూ మొటిమల మచ్చలున్న నలుగురు అమ్మాయిలు సరే అన్నారు. మంగు ఉన్నవాళ్లని తీసుకోలేదు. మంగు వేరే జాతి. ఎండకీ హార్మోన్లకీ ముడిపడి, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. దానికి చర్మ డాక్టర్ కావాలి. ఈ ముక్క పిన్ని సంగతి తెలిశాకే చదువుకున్నానని ఒప్పుకోవాలి.

ఫోటోల విషయంలో నాకు పాఠం చెప్పింది మా కెమెరా అబ్బాయి. నేను కిటికీ పక్కన కూర్చోబెట్టి తీద్దాం, సహజంగా ఉంటుంది అన్నాను. "డిసెంబర్ కిటికీ, ఫిబ్రవరి కిటికీ ఒకటేనా అక్కా?" అన్నాడు. కర్టెన్లు మూసి రెండు ఎల్ఈడీ లైట్లు పెట్టాడు. వాటి కాళ్ల కింద నేలమీద టేప్ అతికించాడు. కుర్చీ కింద కూడా టేప్. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆఫ్. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ చేత్తో పెట్టి, ఆ అంకెల్ని డైరీలో రాసుకున్నాడు. ఆటోలో వదిలేస్తే నల్ల డ్రెస్ వేసుకున్న రోజు ఫోన్ మొహాన్ని తెల్లగా లాగుతుంది, తెల్ల డ్రెస్ వేసుకున్న రోజు ముదురుగా చేస్తుంది. అందుకే నలుగురికీ ఒకే బూడిదరంగు టవల్ భుజాల మీద కప్పాం. మొహం కడుక్కుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి, ఎందుకంటే కడగ్గానే చర్మం ఎర్రగా ఉంటుంది. ఆ రోజు సీరమ్ ఇంకా రాసి ఉండకూడదు. నవ్వకూడదు, ఎందుకంటే నవ్వితే బుగ్గ సాగి మచ్చ పల్చబడుతుంది.

లైటు ఏ వైపు నుంచి పడుతోందన్నది అన్నిటికంటే ముఖ్యం. పక్కనుంచి పడితే ప్రతి గుంటకీ నీడ వస్తుంది, చర్మం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఎదురుగా పడితే నీడలన్నీ నిండిపోతాయి. "ముందు" ఫోటో పక్క లైటులో, "తర్వాత" ఫోటో ఎదురు లైటులో తీస్తే సీరమ్ సీసా మూత కూడా తియ్యక్కర్లేదు. ఈ పేరా చదివాక మీరు ఫోన్‌లో చూసే బిఫోర్-ఆఫ్టర్‌లలో ముక్కు నీడ ఎటు పడిందో ఒక్కసారి చూడండి. రెండు ఫోటోల్లో వేర్వేరు వైపులుంటే తతిమ్మాది చూడక్కర్లేదు. చెవి తమ్మె, పెదవి, వెనక గోడ కూడా చూడండి. సీరమ్ మొహానికే రాస్తారు కదా, గోడ ఎందుకు తెల్లబడింది?

ఈ గోడ సంగతి మా ఎడిటింగ్ టేబుల్ మీదే జరిగింది. యాభై ఆరో రోజు ఫోటోలు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా ఉంది. కానీ చిన్నది. గెడ్డం మీద మచ్చ ముదురు గోధుమ నుంచి లేత గోధుమకి వచ్చింది. క్లయింట్ తరఫు మార్కెటింగ్ ఆవిడ జూమ్ చేసి, "ఫోన్‌లో ఇది కనపడదండీ, కొంచెం పాప్ అవ్వాలి" అంది. ఎడిటర్ అలవాటు కొద్దీ రెండో ఫోటో వెలుగు కాస్త పెంచాడు. నిజంగా కాస్తే. మొహం వెలిగింది. గోడ కూడా వెలిగింది. టవల్ బూడిదరంగు నుంచి దాదాపు తెలుపైంది. ఏం చెయ్యాలో తెలీక నేను టవల్ వైపు వేలు పెట్టి చూపించాను. ఆవిడ నవ్వేసి, "ఓకే, వెనక్కి తీసెయ్యండి" అంది. ఆ టవల్ లేకపోతే ఆ వాదన నేను గెలిచేదాన్ని కాదు.

తేడా ఫోన్‌లో కనపడాలంటే వెలుగు పెంచక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు. మొహం మొత్తం చూపించే బదులు రెండు ఫోటోల్లోంచీ గెడ్డం ముక్కని ఒకే కొలతతో కత్తిరించి, పైనొకటి కిందొకటి పెట్టాం. నిలువు స్క్రీన్‌కి ఇదే సరిపోతుంది. పక్కపక్కన పెడితే ఒక్కోటి సన్నటి చీలిక అవుతుంది.

తర్వాతది అసలు గొడవ. నలుగురిలో ఎవరిని చూపించాలి? ఒకమ్మాయికి మచ్చ బాగా తగ్గింది. ఇద్దరికి ఓ మాదిరిగా. నాలుగో అమ్మాయికి మూడో రోజే చర్మం చురుక్కుమని ఎర్రబడితే మానేసింది. క్లయింట్ సహజంగానే మొదటమ్మాయిని అడిగారు. ఫోటో నిజమే, లైటు నిజమే, తేదీలు నిజమే. అయినా ఆ ఫోటో ఒక్కటే పెడితే చూసేవాళ్లు "అందరికీ ఇంతే" అనుకుంటారు. పైగా ఆ అమ్మాయి మచ్చ మొదలయ్యి నెలే అయింది. మొటిమ వదిలిన మచ్చలు ఏమీ రాయకపోయినా నెలల తరబడి వాటంతటవే తగ్గుతూ వస్తాయి. కొత్త మచ్చని ఎంచుకుంటే కాలం చేసిన పని సీరమ్ ఖాతాలో పడుతుంది. ఎంత భాగం ఎవరిదో మా నాలుగు ఫోటోలు తేల్చలేవు.

నేను ఓ మాదిరి ఫలితం వచ్చినవాళ్లలో ఒకమ్మాయిని అడిగాను. ఏడాది పాత మచ్చ. ఆమె రోజూ సన్‌స్క్రీన్ కూడా రాసింది, కాబట్టి ఆ మాట స్క్రిప్టులో ఉండి తీరాలన్నాను. ఆవిడ అప్పుడు సరైన ప్రశ్నే వేసింది: "మా సీరమ్ యాడ్‌లో నేను సన్‌స్క్రీన్ క్రెడిట్ ఎందుకివ్వాలి?" నా దగ్గర ఉన్న సమాధానం ఒకటే. అది లేకుండా వాడినవాళ్లకి ఎండ వల్ల మచ్చ మళ్లీ ముదురుతుంది, అప్పుడు వాళ్లు తిట్టేది సన్‌స్క్రీన్‌ని కాదు. ఇది ఆవిడకి నచ్చింది. నీతి కంటే రిటర్న్‌ల లెక్క తొందరగా అర్థమవుతుంది, అందులో తప్పేం లేదు.

ఇక మాటలు. ఇక్కడ తెలుగు నన్ను ఇబ్బంది పెట్టింది. "మచ్చలు తగ్గుతాయి" అనే వాక్యం చూడండి. ఇది అలవాటుగా జరిగేదీ అవుతుంది, రేపు జరగబోయేదీ అవుతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నంత ధీమా ఉంది ఆ "తాయి"లో. యాడ్‌లో వింటే అది హామీయే. పోనీ "తగ్గొచ్చు" అంటే, అమ్మేవాడికే నమ్మకం లేనట్టు ఉంటుంది, పైగా ఎంత పెద్ద అబద్ధానికైనా చివర "వచ్చు" తగిలించి తప్పించుకోవచ్చు. "తగ్గడంలో సహాయపడుతుంది" అంటే ఇంగ్లీషు లీగల్ నోటీసుని తెలుగులో అద్దెకి దించినట్టుంది, మా పిన్ని అందులో "తగ్గడం" ఒక్కటే వింటుంది.

చాలాసేపు కొట్టుకున్నాక దొరికింది భూతకాలం. "తగ్గింది." ఒక మచ్చ, ఒక మనిషి, ఒక తేదీ. జరిగిపోయినదానికి సాక్ష్యమే తప్ప జరగబోయేదానికి హామీ కాదు. ఏకవచనం కూడా ముఖ్యమే. "మచ్చలు" అనగానే ఎవరి మచ్చలు వాళ్లు తలుచుకుంటారు. "ఈ మచ్చ" అంటే తెర మీద ఉన్నదే.

రంగు గురించిన మాటలేవీ వద్దని ముందే అనుకున్నాం. మచ్చ చుట్టూ ఉన్న చర్మం రంగుకి దగ్గరవడం ఒకటి, మనిషి రంగు మారడం ఇంకోటి. మా అమ్మాయిది చామనఛాయ. మొదటి ఫోటోలో ఎంత చామనఛాయో రెండో ఫోటోలోనూ అంతే. అలా ఉంటేనే ఆ ఫోటో నిజం.

చివరికి స్క్రిప్టు ఇలా తేలింది. మొదటి మూడు సెకన్లు: గెడ్డం దగ్గరగా, మేకప్ లేకుండా. వాయిస్: "ఈ మచ్చ మొటిమ వదిలేసి వెళ్లింది." తర్వాత నాలుగు సెకన్లు: అరచేతిలో రెండు చుక్కలు, అవి జారే తీరు, వేలితో రాసుకోవడం, పగలు సన్‌స్క్రీన్ ట్యూబ్. వాయిస్: "రాత్రి రెండు చుక్కలు. పగలు సన్‌స్క్రీన్." ఏడు నుంచి పన్నెండు దాకా రెండు ఫోటోలు, పైనా కిందా, "1వ రోజు", "56వ రోజు" అని అక్షరాలు. కదలిక లేదు, మ్యూజిక్ తగ్గుతుంది. వాయిస్: "ఎనిమిది వారాలు. అదే గది, అదే లైటు, ఫిల్టర్ లేదు." ఆఖరి మూడు సెకన్లు: అమ్మాయి మొహం, చేతిలో సీసా. వాయిస్: "పూర్తిగా పోలేదు. తగ్గింది."

మొత్తం ఇరవై ఒక్క మాటలు.

ఫోటోలకి అయిదు సెకన్లు ఇవ్వడం మీద ఎడిటర్ గింజుకున్నాడు. నిలువు వీడియోలో కదలకుండా అయిదు సెకన్లంటే జనం వేలితో తోసేస్తారన్నాడు. నిజమే. కానీ రెండు సెకన్లు చూపించి మార్చేస్తే కన్ను పోల్చుకోదు, నమ్ముతుందంతే. పోల్చుకునేంత టైమివ్వడం కూడా నిజం చెప్పడంలో భాగమే అన్నాను. చివరికి రెండో సెకను దగ్గర మచ్చ చుట్టూ సన్నటి గీతతో ఒక వృత్తం గీసి, కన్నుకి పని కల్పించాం.

"ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు" అనే చీమ అక్షరాల లైను ఎక్కడ పెట్టాలన్నది ఆఖరి చర్చ. అలవాటు ప్రకారం అట్టడుగున పెట్టారు. ఫోన్‌లో పెట్టి చూస్తే ఆ లైనే లేదు! 1080కి 1920 పిక్సెళ్ల ఫ్రేములో కింద దాదాపు మూడో వంతు దాకా అకౌంట్ పేరూ, క్యాప్షనూ, బటన్లూ కప్పేస్తాయి. టీవీ యాడ్ రోజుల్లో చిన్నగా ఉన్నా ఉండేది, ఇక్కడ అసలు పుట్టదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ ప్రధానంగా చెప్పినదానికి విరుద్ధంగా ఉండకూడదు, చెప్పిన భాషలోనే ఉండాలి, ముఖ్యమైన సంగతిని దాచకూడదు. పైన తెలుగులో "మాయం" అని అరిచి, కింద ఇంగ్లీషులో సణగడం కుదరదన్నమాట. మేము ఆ లైనుని "56వ రోజు" అక్షరాల కిందే, అదే సైజులో పెట్టాం: "ఒకరి ఫలితం. అందరికీ ఇలాగే ఉండదు." అది కనపడ్డాక కూడా యాడ్ నిలబడింది. ఎందుకంటే అది కొట్టెయ్యాల్సిన పెద్ద మాట పైన ఏదీ లేదు.

"పూర్తిగా పోలేదు" మాత్రం రెండుసార్లు పోయి వచ్చింది. "తగ్గింది" చాలు కదా, లేనిపోనిది ఎందుకు అన్నారు క్లయింట్. నేను రెండు ఫోటోల్లో కింది దాన్ని చూపించి, మచ్చ ఇంకా అక్కడే ఉంది కదా, చూసేవాళ్లకి కనపడుతోంది కదా, మనం చూడనట్టు నటిస్తే మిగతాదీ నమ్మరు అన్నాను. ఆవిడ ఒక రోజు ఆలోచించుకుని సరేనంది. ఇంకో యాడ్ కూడా చేయించారు, ఇంకెవరితోనో. అందులో ఫోటోలు లేవు, గ్లో ఉంది. అది మాదానికంటే బాగానే తిరుగుతోందని విన్నాను.

వీడియో రాగానే ముందు పిన్నికి పంపాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. చాలాసేపటికి ఫోన్ చేసింది.

"చూశానే. ఇది నా మంగుకి కాదన్నమాట."

"కాదు పిన్నీ. నీది వేరు. విజయవాడలో స్కిన్ డాక్టర్‌కి చూపిద్దాం, నేనొస్తాను."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక మిక్సీ చప్పుడు ఆగింది.

"ఈ ముక్క అప్పుడే రాయాల్సిందే" అంది.